వ్యాపారం ఎలా మొదలైందో రాయడం: ఏడుపు లేకుండా, అమ్మకం వాసన రాకుండా

మన వైపు నుంచి వచ్చే వ్యాపార కథలు చాలావరకు మూడు వాక్యాల్లో ఏదో ఒకదానితో మొదలవుతాయి. "కరువు సీమలో పుట్టిన రైతు బిడ్డను." "ఫ్యాక్షన్ గడ్డ అని అందరూ భయపడే చోట నుంచి వచ్చాను." "లక్షల జీతం వదిలేసి ఊరికి వచ్చాను." మొదటిది అనంతపురంలో కూర్చుని చదివేవాడికి కొత్త సంగతేమీ చెప్పదు, ఎందుకంటే ఆయనా అక్కడే పుట్టాడు. రెండోది చదివితే కర్నూలు, కడప వాళ్లకు ఒళ్లు మండుతుంది. మూడోది నిజమే కావచ్చు గానీ, ఇదివరకు అదే రాసినవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టి ఎవరూ నమ్మరు.

నాకు అనంతపురంలో లేబుళ్లు, పాంఫ్లెట్లు వేసే చిన్న షాపు ఉంది. పచ్చళ్లు, కొర్రలు, గానుగ నూనె, చీరలు అమ్మేవాళ్లు లేబుల్ కోసం వస్తారు. "అన్నా, మా కథ కూడా రాసినాం, ఫేస్‌బుక్‌లో పెట్టాల, కాస్త చూడు" అని ఫోన్ చేతిలో పెడతారు. అలా చూసీ చూసీ నాకు ఒక పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ వరసగా చెప్తాను. ఉదాహరణకు గానుగ నూనె తీసే ఒక తమ్ముడి కథ తీసుకుంటాను. మనిషి ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలు మార్చాను, ఇంకొందరి సంగతులు అందులో కలిపాను.

అతను మొదట తెచ్చింది ఇది:

"చుక్క వాన లేక నెర్రెలిచ్చిన నేల... నాన్న కళ్లలో కన్నీళ్లు... ఆ కన్నీళ్లే నన్ను కదిలించాయి. మంచి ఉద్యోగం వదిలేశాను. అవమానాలు దిగమింగాను. నిద్రలేని రాత్రులు ఎన్నో గడిపాను. కానీ వెనుదిరగలేదు! ఈ రోజు మీ కుటుంబ ఆరోగ్యం కోసం స్వచ్ఛమైన, కల్తీ లేని గానుగ నూనెను మీ ముందుకు తెచ్చాను. ఒక్కసారి వాడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఆర్డర్లకు ఫోన్ చేయండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇది ఎవరి కథ? నూనె తీసేసి పచ్చడి పెట్టినా సరిపోతుంది, పచ్చడి తీసేసి చీర పెట్టినా సరిపోతుంది. సగం దాకా ఏడుపు, ఆ తర్వాత అమ్మకం. ఈ రెండూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ, రెండూ ఒకచోట నుంచే వస్తాయి. జరిగిన సంగతి చెప్పకుండా, దాని మీద మన అభిప్రాయం మాత్రం చెప్పడం. కష్టం మీద అభిప్రాయం చెప్తే ఏడుపు అవుతుంది, సరుకు మీద అభిప్రాయం చెప్తే ప్రకటన అవుతుంది. అందుకే మందు కూడా ఒకటే.

మొదటి పని: రాయకండి, జాబితా వేయండి

ఒక నోటుబుక్కు తీసుకుని, వ్యాపారం ఆలోచన రాకముందు ఏడాది నుంచి ఇప్పటిదాకా జరిగినవి వరసగా వేయండి. ప్రతి లైనులో ఎప్పుడు, ఎక్కడ, ఎంత డబ్బు, ఎవరు ఏమన్నారు అనేవి మాత్రం ఉండాలి. "చాలా కష్టపడ్డాను" అని రాయాలనిపిస్తే ఆగి, ఏ రోజు, ఏ పని అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు రాకపోతే ఆ లైను వదిలేయండి.

జాబితా అయ్యాక ప్రతి లైను ఎదురుగా ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: దీని తర్వాత నేను ఏం మార్చుకున్నాను? ఈ ప్రశ్నే కథను ఏరి ఇస్తుంది. బంధువులు పెళ్లిలో ఎగతాళి చేశారనుకోండి. బాధే. కానీ దాని తర్వాత మీరు చేసే పనిలో ఏమీ మారకపోతే, అది మీ జీవితంలో ఉంటుంది గానీ ఈ కథలో దానికి చోటు లేదు. అవమానాల చిట్టా మొత్తం ఇక్కడే రాలిపోతుంది.

ఆ తమ్ముడి జాబితాలో ఇరవై దాకా లైన్లు వచ్చాయి. ఎదురుగా జవాబు ఉన్నవి నాలుగైదే. అందులో ఒకటి చూసి నేను ఆగాను: "2022 సంక్రాంతి తర్వాత నూనె వెనక్కి తెచ్చుకున్నా." ఎదురుగా "ఎండబెట్టే పద్ధతి, తేరబెట్టే పద్ధతి మొత్తం మార్చినా" అని ఉంది. అంత పెద్ద సంగతి అతను మొదటి రాతలో పెట్టనే లేదు. ఎందుకని అడిగితే, "పరువు పోతుంది కదన్నా" అన్నాడు.

ఇంకో తమాషా చూడండి. కరువుతో మొదలుపెట్టిన మనిషికి అసలు దెబ్బ వాన వల్ల తగిలింది. 2021 నవంబరులో రాయలసీమ అంతా కురిసిన వానలు గుర్తుండే ఉంటాయి. కడప వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అప్పుడే. పీకి కుప్పలు వేసిన శనక్కాయ చేలల్లోనే తడిసింది. అలవాటైన మాటతో మొదలుపెడితే, జరిగిన సంగతి ఇలా కళ్లముందే మరుగున పడిపోతుంది.

రెండో పని: ఎందుకు పెట్టారో నిజంగా పట్టుకోవడం

ఇక్కడే ఎక్కువ టైం పెట్టాలి. వ్యాపారం ఎందుకు పెట్టారని అడిగితే అందరూ చెప్పే జవాబులు "రైతులకు మేలు చేయాలని", "ప్రజలకు మంచి తిండి ఇవ్వాలని" అనేవే. అబద్ధం అనను. కాకపోతే అవి తర్వాత తెలిసివచ్చిన కారణాలు. మొదటి రోజున మనిషిని కదిలించింది సాధారణంగా చిన్నదిగా, కాస్త స్వార్థంగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నేను "ఎందుకు" అని అడగడం మానేసి "అప్పుడే ఎందుకు" అని అడుగుతాను.

"బెంగళూరు నుంచి ఎందుకు వచ్చేసినావు?" అన్నాను.

"నాన్న కష్టం చూడలేక అన్నా."

"నాన్న కష్టం నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉంది కదా. 2019లోనే ఎందుకు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హుబ్బళ్లికి బదిలీ చేసినారు. పాపకు అప్పుడు ఆర్నెల్లు. జీతం అంతే, ఊరు మాత్రం మారాల. పోబుద్ధి కాలేదు" అన్నాడు.

ఇదీ కారణం. మెడికల్ రెప్ ఉద్యోగం, 26 వేల జీతం, బదిలీ ఇష్టం లేక మానేశాడు. "లక్షల జీతం వదిలేసి" కన్నా ఇది చిన్నదే. కానీ చదివేవాడు దీన్ని నమ్ముతాడు, ఎందుకంటే తన ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటిదే జరిగి ఉంటుంది. చిన్న కారణాన్ని నమ్మినవాడు తర్వాత చెప్పే పెద్ద కారణాన్నీ నమ్ముతాడు. అందుకే స్వార్థంగా కనిపించే కారణాన్ని ముందు పెట్టాలి, దాచకూడదు.

అయితే బదిలీ ఇష్టం లేకపోతే ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు. నూనే ఎందుకు? ఇది రెండో ప్రశ్న, దీనికి విడిగా జవాబు కావాలి. అతను చెప్పింది విని నాకే ఆశ్చర్యం వేసింది. వాళ్లది నాలుగెకరాల శనక్కాయ. నాన్న కాయలన్నీ వ్యాపారికి వేసి, వచ్చే దారిలో అంగట్లో పామాయిల్ ప్యాకెట్ తెచ్చేవాడు. చిన్నప్పటి నుంచీ అదే. శనక్కాయ పండించే ఇంట్లో పోపుకు పామాయిల్. ఊరికి వచ్చి ఏడాదైన తర్వాత ఒకరోజు ఆ ప్యాకెట్ చేతికి తీసుకున్నప్పుడు, ఇదేంది అనిపించిందట.

ఆ రాత్రి లెక్క వేశాడు. క్వింటాలు కాయలు ఒలిస్తే 65 నుంచి 70 కిలోల పప్పు వస్తుంది. గానుగలో రెండున్నర కిలోల పప్పుకు సుమారుగా లీటరు నూనె. అంటే క్వింటాలు కాయలకు తక్కువలో తక్కువ 26 లీటర్లు, పైగా చెక్క మిగులుతుంది, పశువులకు అమ్ముకోవచ్చు. ఇందులో డబ్బు ఉందని అప్పుడు అనిపించింది. "డబ్బు కోసం అని రాయొచ్చా అన్నా?" అని అడిగాడు. రాయాలి. వ్యాపారం పెట్టినవాడు డబ్బు మాట ఎత్తకపోతేనే అనుమానం వస్తుంది. ఆ మాట లేని కథ ఎంత మంచిగా రాసినా ప్రకటనలానే వినిపిస్తుంది.

మీ కారణం సరైనదో కాదో చూసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. మీ వీధిలోనే అదే సరుకు అమ్మే ఇంకొకరు ఉన్నారనుకోండి. మీ వాక్యం కింద ఆయన పేరు పెట్టినా చెల్లుతుందంటే అది మీ కారణం కాదు. "కల్తీ లేని నూనె ఇవ్వాలని" అనేది ఎవరికైనా చెల్లుతుంది. పామాయిల్ ప్యాకెట్ మాత్రం అతనిదే.

మూడో పని: కష్టాన్ని ఖర్చుగా రాయడం

కష్టం గురించి రాసేటప్పుడు మనసు ఎంత బాధపడిందో చెప్పడం మానేసి, ఏం పోయింది, ఎవరికి పోయింది, ఎంత కాలం పట్టింది అనేవి చెప్పాలి. "నిద్రలేని రాత్రులు" అంటే ఎవరికీ ఏమీ కనిపించదు. "ఆ నెల మిషన్ కంతు కట్టలేదు" అంటే, కంతులు కట్టే ప్రతి మనిషికీ కడుపులో తిప్పినట్టు అవుతుంది. కన్నీళ్ల మాట ఎత్తాల్సిన పనే లేదు.

ఇంకొకటి, ఇది చాలామందికి నచ్చదు. ఆ కష్టంలో మీ వంతు ఎంత? ఏడుపు కథల్లో రాసేవాడు ఎప్పుడూ ఏమీ చేయడు, అన్నీ అతనికి జరుగుతాయి. వాన రాలేదు, బ్యాంకువాడు ఇవ్వలేదు, జనం నవ్వారు. మన తమ్ముడి సంగతిలో వాన పడటం అతని తప్పు కాదు. కానీ తడిసిన కాయ తక్కువ రేటుకు వస్తోందని తెలిసి నాలుగు మూటలు కొన్నది అతనే. పండగ లోపల అమ్మాలని సరిగా ఎండకముందే ఆడించింది అతనే. పప్పులో తేమ ఉంటే నూనె నిలవదు, మడ్డి ఎక్కువగా దిగుతుంది, కొన్ని వారాలకే మక్కు వాసన పడుతుంది. ఇదంతా గానుగ పట్టే ఎవరికైనా తెలుసు. తన వంతు రెండు వాక్యాల్లో రాసేస్తే జాలి కథ కాస్తా పని తెలిసిన మనిషి కథ అవుతుంది. కొనేవాడికి కావాల్సిందీ అదే.

వంతు రాయడం అంటే గుండెలు బాదుకోవడం కాదు. "నేను మూర్ఖుణ్ని, నన్ను క్షమించండి" అని రాస్తే అదీ నాటకమే. ఏం చేశారో రాసి, వెంటనే తర్వాత ఏం జరిగిందో దానికి వెళ్లిపోవాలి.

మధ్యలో ఒక మాట: ఇంట్లోవాళ్లను అడిగారా?

మిషన్‌కు డబ్బు ఎక్కడిదని అడిగితే, కొంత బ్యాంకు లోను, కొంత భార్య నగల మీద తెచ్చినది అన్నాడు. మొదట్లో ఆ నగల సంగతి పెద్దదిగా రాయాలని అతనికి ఉండేది. అలాంటివి బాగా పండుతాయి మరి. నేను ఆమెను అడగమన్నాను. ఆమె వద్దంది. పుట్టింటివాళ్లకు ఆ సంగతి తెలియదట.

అంతే, తీసేశాం. "ఇంట్లో నుంచి కొంత, బ్యాంకు నుంచి కొంత" అని కూడా రాయలేదు, అవసరం పడలేదు. తండ్రి అప్పులు, తమ్ముడి తాగుడు, తల్లి జబ్బు, ఇవన్నీ మీ కథలో భాగం అనిపిస్తాయి గానీ వాటికి సొంతదారులు వేరే. వాళ్లు ఆ ఊళ్లోనే తిరగాలి. ఆ వాక్యం యథాతథంగా వాళ్లకు చదివి వినిపించి, సరే అంటేనే ఉంచండి. భాగస్వామి ఉంటే "నేను" అని రాసిన ప్రతిచోటా అది నిజంగా మీరేనా, "మేము" కావాలా అని కూడా చూసుకోండి. ఇలాంటి పోస్టు పెట్టిన వారానికే భాగస్వాములు విడిపోయిన సంగతి మా బజారులో ఉంది.

కోర్టులో నడుస్తున్న తగాదా, ఇంకా తేలని బాకీ గొడవ ఉంటే వాటి జోలికి పోవద్దు. లైసెన్సు రాకముందు అమ్మిన రోజుల గురించి గొప్పగా రాయడమూ అంతే, అది మీ మీద మీరే రాసి ఇచ్చిన కాగితం అవుతుంది.

నాలుగో పని: రాయడం

మొదటి రెండు లైన్లలో ఒక సంగతి జరగాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డ్‌ఇన్, ఎక్కడైనా కొన్ని లైన్లు కనిపించి మిగతాది మడతలో ఉంటుంది, నొక్కితేనే తెరుచుకుంటుంది. మనం పుట్టిన ఊరు, వాతావరణం, తాతల వృత్తి అక్కడ పెడితే చదివేవాడు అక్కడే ఆగిపోతాడు. జాబితాలో నుంచి ఏరిన ఆ ఒక్క సంగతితో మొదలుపెట్టి, ఆ తర్వాత వెనక్కి వెళ్లి ఎందుకు మొదలుపెట్టారో చెప్పి, మళ్లీ ఇప్పటికి రావడం తేలికైన వరస.

నిడివి కూడా చూసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద 2,200 అక్షరాలు, లింక్డ్‌ఇన్ పోస్టులో 3,000 దాకా పడతాయి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకు వస్తాయి కాబట్టి మనం అనుకున్నదానికన్నా ముందే నిండిపోతుంది. 150 నుంచి 200 మాటలు చాలు.

నాలుగైదు సార్లు కూర్చున్న తర్వాత ఆ తమ్ముడి కథ ఇలా తేలింది:

"2022 సంక్రాంతి అయిన వారానికి, నేను అమ్మిన నూనెను నేనే ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చుకున్నాను. 11 ఇళ్లు, 40 లీటర్లు. కజ్జికాయలు మక్కు వాసన వస్తున్నాయని మొదట ఫోన్ చేసింది మా పిన్నే.

ఎక్కడ తేడా వచ్చిందో నాకు తెలుసు. నవంబరు వానలకు చేలల్లో కుప్పలు తడిసినాయి. తడిసిన కాయ తక్కువ రేటుకు వస్తోందని నాలుగు మూటలు కొన్నాను. పండగ లోపల అమ్మాలని సరిగా ఎండకముందే ఆడించాను. నాలుగు రోజులు తేరాల్సిన నూనెను మర్నాడే డబ్బాల్లో పోశాను. అందరికీ డబ్బు తిరిగి ఇచ్చాను, 10,400 రూపాయలు. ఆ నెల మిషన్ కంతు కట్టలేదు.

అంతకు ముందు బెంగళూరులో మెడికల్ రెప్‌ను. 2019లో హుబ్బళ్లికి బదిలీ చేస్తే, పాపకు ఆర్నెల్లు, పోబుద్ధి కాక ఊరికి వచ్చేశాను. ఒకరోజు ఇంట్లో గమనించాను: నాన్న కాయలన్నీ వ్యాపారికి వేసి, ఆ డబ్బుతో పామాయిల్ ప్యాకెట్ తెస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు. క్వింటాలు కాయలకు 26 లీటర్ల నూనె వస్తుందని లెక్క వేసినాక, ఇందులో డబ్బు కూడా ఉందనిపించింది.

ఇప్పుడు పప్పు పంటికింద కటుక్కుమనేదాకా ఎండబెడతాను. నూనెను నాలుగు రోజులు కదిలించను. ఆడించిన ప్రతిసారీ ఒక సీసా పక్కన పెట్టి రెండు నెలల తర్వాత వాసన చూస్తాను. ఆ 11 ఇళ్లలో ఏడు మళ్లీ కొంటున్నాయి. నాలుగు కొనవు.

నాన్న ఇప్పటికీ సగం కాయలు వ్యాపారికే వేస్తాడు. వ్యాపారి అదే రోజు డబ్బు ఇస్తాడు, నేను నెల తర్వాత ఇస్తాను."

ఇందులో "స్వచ్ఛమైన" లేదు, "ఆరోగ్యం" లేదు, కన్నీళ్లు లేవు, ఫోన్ నంబరు లేదు. నూనె మంచిదని ఎక్కడా చెప్పలేదు. కానీ పక్కన పెట్టిన ఆ సీసా సంగతి చదివినవాడు నూనె గురించి ఏమనుకోవాలో తనే అనుకుంటాడు. "నాలుగు కొనవు" అనే మాట తీసేద్దామని అతను చివరిదాకా పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఆ రెండు మాటలు ఉన్నాయి కాబట్టే ముందున్న "ఏడు" నిజం అనిపిస్తుంది.

చివరి పేరా గురించి కూడా చెప్పాలి. అందరూ ఇక్కడ గెలుపు పెడతారు, లేకపోతే "మీ ఆశీస్సులు కావాలి" అని పెడతారు. ఇంకా తేలని సంగతి ఒకటి పెట్టి ఆపితే మేలు. సొంత తండ్రే పూర్తిగా నమ్మడం లేదంటే, అందులో వ్యాపారం అసలు కీలకం ఉంది: చేతికి వెంటనే వచ్చే డబ్బు. రైతు ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ అది అర్థమవుతుంది.

ఐదో పని: కోత

రాసింది ఒక రాత్రి పక్కన పెట్టి, పెన్ను తీసుకుని రెండుసార్లు చదవండి.

మొదటిసారి ఏడుపు కోసం. మూడు చుక్కలు, ఆశ్చర్యార్థకాలు, ఒక్కో మాటకు ఒక్కో లైను విరిచి రాయడం, "ఆ క్షణం", "గుండె బరువెక్కింది", "విధి" లాంటివి కనబడితే కొట్టేయండి. కొట్టేసినా వాక్యం నిలబడితే అది అక్కర్లేనిదే. వాక్యమే కూలిపోయిందంటే అక్కడ సంగతి ఏమీ లేదని అర్థం, జాబితాకు తిరిగి వెళ్లాలి.

రెండోసారి అమ్మకం కోసం. దీనికి మా షాపు సూత్రం ఒకటుంది: లేబుల్ మీద అచ్చు వేయదగిన మాట కథలో ఉండకూడదు. నాణ్యమైన, సంప్రదాయ, స్వచ్ఛమైన, నోరూరించే, ఇవన్నీ లేబుల్ మాటలు. తిండి సరుకు అమ్మేవాళ్లకు ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. తిండి ప్రకటనల మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమాలు 2018లో వచ్చాయి. ఫలానా జబ్బు తగ్గుతుంది, రాకుండా ఆపుతుంది అని చెప్పుకోవడానికి వీల్లేదు. "సహజ", "స్వచ్ఛమైన" లాంటి మాటలకు కూడా షరతులు ఉన్నాయి. "మా అమ్మ మోకాళ్ల నొప్పులు ఈ నూనెతోనే తగ్గాయి" అని కథలో కలిపి రాస్తే, కథ కదా అని వదిలేస్తారనుకోవద్దు. మీ సరుకు అమ్మే పేజీలో ఉన్నంతవరకు అది మీరు చెప్పుకున్న మాటే.

ఫోన్ నంబరు, రేటు, దొరికే చోటు ఇవన్నీ మీ పేజీ పరిచయంలో ఉంచండి. కథ చదివి కొనాలనుకున్నవాడు ఆ మాత్రం వెతుక్కుంటాడు. పండగ ఆఫర్ పెట్టిన రోజే కథ పెట్టకండి, పక్కపక్కన కనబడితే ఎంత జాగ్రత్తగా రాసినా అంతా ఒకటే అనిపిస్తుంది.

ఫోటో విషయంలో కూడా ఇదే. నెర్రెలిచ్చిన నేల, తలపాగా చుట్టిన ముసలి రైతు బొమ్మ నెట్‌లో నుంచి తీసి పెట్టకండి. మీ షెడ్డులో తేర్చడానికి పెట్టిన స్టీలు బిందెల ఫోటో, ట్యూబ్‌లైటు వెలుగులో తీసినదైనా సరే, పెట్టండి.

ఆరో పని: అక్కడున్నవాళ్లకు చదివి వినిపించడం

పోస్టు పెట్టేముందు, జరిగినప్పుడు పక్కన ఉన్న మనిషి ఒకరికి చదవండి. భాష బాగుందా అని అడగొద్దు. "ఇది ఇట్లే జరిగిందా?" అని అడగండి. మన తమ్ముడు పిన్నికి చదివితే, వాసన ముందు పట్టింది తను కాదని, పక్కింటామె చెబితే తను ఫోన్ చేసిందని ఆమె అంది. అది అలాగే ఉంచాం, ఫోన్ చేసింది ఆమే కాబట్టి. కానీ అతను మొదట "మూడు మూటలు" అని రాసిన చోట, తూకం వేసిన మనిషి "నాలుగు" అని సరిచేశాడు. లెక్క కూడా అదే చెప్తుంది. నలభై కిలోల మూటలు నాలుగు అయితే 160 కిలోల కాయలు, వంద కిలోల పైచిలుకు పప్పు, నలభై లీటర్ల నూనె. మూడు మూటలకు అంత రాదు. చదివేవాళ్లలో గానుగ తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, ఇలాంటి తేడా పట్టుకుని మిగతాదంతా అబద్ధం అంటాడు.

పెట్టిన తర్వాత ఎలా తెలుస్తుంది

లైకులు చూసి ఏమీ తేల్చుకోలేం. జనం ఏం మాట్లాడుతున్నారో చూడాలి. ఎక్కువమంది "అయ్యో", "నీ కష్టానికి దండం తమ్ముడూ" అంటుంటే, కథలో ఇంకా ఏడుపు మిగిలి ఉంది. అందరూ "లీటరు ఎంత?" అని మాత్రమే అడుగుతుంటే అది ప్రకటనగానే చేరింది. "మా ఇంట్లోనూ శనక్కాయలమ్మి పామాయిల్ కొంటాం" అని ఒకరు, "తేరబెట్టడానికి స్టీలు బిందె వాడతారా, ప్లాస్టిక్కా?" అని ఇంకొకరు అంటే, కథ చేరాల్సిన చోటికి చేరింది. మొదటి రకం మాటలు వస్తే మూడో పనికి, రెండో రకం వస్తే ఐదో పనికి తిరిగి వెళ్లి సరిచేసుకోవచ్చు.

చివరగా, కథ కింద నెల, సంవత్సరం వేయండి. ఇలాంటి పోస్టు పేజీలో పైన ఏళ్ల తరబడి ఉండిపోతుంది, వ్యాపారం మాత్రం మారిపోతుంది. ఇవాళ కాయలు నాన్న పొలంలోవి, చుట్టాలవి. రేపు ఆడించేది పెరిగితే ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లి కొనాల్సి రావచ్చు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రోజున నాన్న కాయల పేరా అలాగే ఉంటే, చదివినవాడు సీసాలో ఉన్నది ఆ పొలం నూనే అనుకుంటాడు. కాయ ఎక్కడి నుంచి వస్తోందో మారిన వారంలోనే ఆ పేరా మార్చి, కింద కొత్త నెల వేయాలి.